అన్నయ్యా అని పిలిచే ఆమెకు ముందు నిజం చెప్పండి

ప్రశ్న: ఇంటర్ నుంచి నాకు ప్రాణస్నేహితుడు ఒకడున్నాడు. క్రికెట్ బెట్టింగ్‌లో పడి, పిల్లల ఫీజనీ, తల్లి ఆపరేషన్ అనీ చెప్పి, రెండేళ్లలో నా దగ్గర 2,40,000 రూపాయలు చేబదులు తీసుకున్నాడు. అతని భార్య నన్ను అన్నయ్యా అంటుంది. ఆమె అడిగినప్పుడల్లా చీటీ కడుతున్నాడని నేనే సర్దిచెప్పాను. ఇప్పుడు లోన్ యాప్ వాళ్లు వేధిస్తున్నారనీ, 60,000 ఇవ్వకపోతే చచ్చిపోతాననీ అంటున్నాడు. ఆమెకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఈ ఒక్కసారికి ప్రామిసరీ నోటు రాయించుకుని ఇవ్వవచ్చా?
– ఒక మిత్రుడు, గుంటూరు

జవాబు: ఇవ్వవద్దు. నోటు గడువు తీరేలోగా మీరు అతని మీద కోర్టుకు వెళ్లరని అతనికీ తెలుసు, మీకూ తెలుసు. అలాంటప్పుడు ఆ నోటు మీ మనసును సమాధానపరచుకునే కాగితమే తప్ప మరొకటి కాదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అప్పు మొత్తం కాదు, ఆ చీటీ మాట. అన్నయ్యా అని నమ్మి అడిగిన ఆడపిల్లకు రెండేళ్లుగా అబద్ధం చెబుతూ, ఆమె సంసారం గురించి ఆమెకంటే మీకే ఎక్కువ తెలిసే పరిస్థితి తెచ్చారు. మీరిచ్చిన డబ్బు ఎంత ఊతమిచ్చిందో, మీ మౌనం అంతకంటే ఎక్కువ ఊతమిచ్చింది. భర్త జీతంలో ఎంత ఇంటికి వస్తోందో, తన నగలు బీరువాలో ఉన్నాయో తాకట్టులో ఉన్నాయో చూసుకునే అవకాశం కూడా ఆమెకు లేకపోయింది.

అతను చచ్చిపోతానన్నాడు కాబట్టి ఒట్టు అక్కడితో చెల్లిపోయింది. ఆ మాటను బెదిరింపని కొట్టిపారేయకూడదు, డబ్బిచ్చి నోరు మూయించనూ కూడదు. ఈ రోజే అతని దగ్గరకు వెళ్లి, చనిపోవాలన్న ఆలోచన నిజంగా ఉందా అని సూటిగా అడగండి. తరువాత అతన్ని పక్కన కూర్చోబెట్టుకునే ఆమెకు అంతా చెప్పండి. అతనే చెబితే మంచిది, చెప్పలేకపోతే మీరు చెప్పండి. నిజం బయటపడిన రాత్రే అతనికి ప్రమాదం ఎక్కువ ఉండవచ్చు కనుక మీరో, అతని అన్నదమ్ములో ఆ ఇంట్లోనే పడుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్, 14416 నంబరులో, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడుతుంది. ఆ ఫోను మీరు కూడా చేయవచ్చు.

ఇప్పుడు ఆ 60,000 సంగతి. యాప్ అప్పు తీరిన మరుక్షణం అదే యాప్ అంతకంటే పెద్ద అప్పు ఇస్తానని సందేశం పంపడం మామూలే. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆరాటమే ఈ జబ్బుకు మూలం కనుక, అప్పు తీరితే అతనికి కనిపించేది విముక్తి కాదు, మరో పందేనికి దొరికిన అవకాశం. అనుమానముంటే మీ ఫోన్‌పే చరిత్ర తెరిచి, అతనికి పంపిన తేదీలను మ్యాచ్‌ల తేదీలతో పోల్చి చూడండి. టాస్‌కు ముందు సాయంత్రం వేళల్లో, గంటలోగా కావాలంటూ అడిగినవి ఎన్నో మీకే తెలుస్తుంది.

చేతికి డబ్బివ్వకుండా బడి ఫీజు నేరుగా కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అదీ పొరపాటే. మీరు ఫీజు కడితే, ఫీజు కోసం ఉంచిన జీతం పందెంలోకి పోతుంది. అందుచేత ముందు జీతం ఆమె అధీనంలోకి రావాలి: అది ఆమె పేరున్న ఖాతాకు మళ్లాలి, అతని ఫోన్‌లోని యూపీఐ ఖాతాలు తొలగాలి, అతని చేతికి రోజు ఖర్చు మాత్రమే అందాలి. అప్పుడే మీరు కట్టే ఫీజు ఫీజుగా మిగులుతుంది.

తరువాత ముగ్గురూ కూర్చుని అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయండి. అతని మాటనే నమ్మకుండా సిబిల్ నివేదిక తీయించండి. ఏడాదికొకసారి అది ఉచితంగా వస్తుంది, బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల అప్పులు అందులో కనిపిస్తాయి. చేబదుళ్లూ, బుకీ బాకీ అందులో ఉండవు కనుక వాటిని గుచ్చి గుచ్చి అడగాలి. పందెం బాకీని కోర్టు ద్వారా వసూలు చేసుకునే హక్కు ఎవరికీ లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి దాని కోసం ఆమె నగలు కదలనక్కరలేదు. ఆమె ఎక్కడా హామీ సంతకం కూడా చేయకూడదు. యాప్ వాళ్లు ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామంటే ఆ సందేశాలు చెరపకుండా సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేయండి.

చికిత్సకు మానసిక వైద్యుని దగ్గరకు మీరే తీసుకువెళ్లండి. బెట్టింగ్ వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగానే లెక్కిస్తుంది. ఆస్పత్రి ఫీజుకూ, మందులకూ మీ చేత్తో ఖర్చు పెట్టండి, అందులో లోభం వద్దు. కోలుకుంటున్నప్పుడు మధ్యలో మళ్లీ ఆడే అవకాశం ఉంది. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పి ఉంచండి, అప్పుడు మీ ముగ్గురిలో ఎవరూ దాన్ని దాచవలసిన అవసరం ఉండదు.

మీ 2,40,000 మాట ఈ ఏడాది ఎత్తవద్దు. ఆ బాకీ ఎలా తీర్చాలా అన్న ఆలోచన కూడా అతన్ని పందెం వైపే నెడుతుంది. స్నేహం తెగిపోతుందని అతను అంటే, తెగనివ్వండి. అతను మాట్లాడకపోయినా ఆ ఇంటికి వెళ్లడం మానకండి.