డెంగీ కార్డు టెస్టులో నెగెటివ్ వస్తే డెంగీ లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ముషీరాబాద్. అమ్మకు 52 ఏళ్లు. సోమవారం నుంచి జ్వరం, ఒళ్లునొప్పులు. బుధవారం ల్యాబ్‌లో డెంగీ కార్డు టెస్ట్ చేస్తే ఎన్‌ఎస్‌1, ఐజీఎం రెండూ నెగెటివ్ అన్నారు. మూడేళ్ల కింద ఆమెకు ఒకసారి డెంగీ వచ్చింది. ఇక ఊరుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఊరుకోకండి. ముందు ఐజీఎం సంగతి చూద్దాం. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ఈ యాంటీబాడీలు రక్తంలో టెస్టుకు అందేంతగా పెరగడానికి జ్వరం మొదలయ్యాక నాలుగైదు రోజులు పడుతుంది. జబ్బు ఉన్నా టెస్టుకు దొరకని ఈ వ్యవధినే విండో పీరియడ్ అంటాం. బుధవారానికి మూడో రోజే కాబట్టి ఆ ఐజీఎం నెగెటివ్‌ను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఎన్‌ఎస్‌1 అలా కాదు. అది వైరస్ విడుదల చేసే ప్రొటీన్, మొదటి రోజు నుంచే రక్తంలో ఉంటుంది. కార్డులో వేసిన రక్తం పట్టీ మీదుగా పాకుతూ, అతి సూక్ష్మమైన బంగారు రేణువులు అంటించిన యాంటీబాడీలను తనతో తీసుకెళ్తుంది. ఎన్‌ఎస్‌1 ఉంటే అవి దాన్ని పట్టుకుంటాయి. ‘టి’ గీత దగ్గర కదలకుండా అతికించిన మరో యాంటీబాడీ ఆ ఎన్‌ఎస్‌1ను రెండోవైపు నుంచి పట్టి ఆపుతుంది. అలా రేణువులు లక్షల్లో ఒకేచోట పోగైతేనే మన కంటికి ఎర్రటి గీత కనిపిస్తుంది. మిగిలినవి ముందుకెళ్లి, కార్డు సరిగ్గా పనిచేసిందని చెప్పే ‘సి’ గీత వేస్తాయి. ‘సి’ రాకపోతే ఆ కార్డు చెల్లదు. కార్డు మీద రాసిన సమయంలోపు సన్నటి ‘టి’ గీత వచ్చినా పాజిటివే. గంట తర్వాత తేలిన గీతను మాత్రం నమ్మకూడదు.

అమ్మగారి విషయంలో నాకు అనుమానం ఇక్కడే. ఒకసారి డెంగీ వచ్చినవాళ్లలో పాత యాంటీబాడీలు మళ్లీ వేగంగా పెరిగి ఎన్‌ఎస్‌1ను చుట్టేస్తాయి. అప్పుడు బంగారు రేణువుల యాంటీబాడీకి పట్టు దొరకదు, గీత పడదు.

సెన్సిటివిటీ అంటే నిజంగా జబ్బున్న వందమందిలో టెస్ట్ ఎంతమందిని పట్టుకుంటుందన్నది. ఒక కార్డుది 70 శాతం అనుకుందాం. సీజన్‌లో జ్వరంతో వచ్చిన వందమందిలో 50 మందికి డెంగీ ఉంటే అది 35 మందినే పడుతుంది. డెంగీ లేని 50 మందికీ సరిగ్గానే నెగెటివ్ చూపించినా, మొత్తం 65 నెగెటివ్‌లలో 15 మంది డెంగీ రోగులే!

కాబట్టి శనివారం, అంటే ఆరో రోజు, ఐజీఎం ఎలైసా అనే రక్తపరీక్ష చేయించండి. అది కార్డు కంటే నమ్మదగినది. అయితే రెండోసారి డెంగీలో ఐజీఎం కూడా తక్కువగా ఉండొచ్చు. అందుకే రిపోర్టు ఏదొచ్చినా రోజూ సీబీపీ చేయించి ప్లేట్‌లెట్లతో పాటు రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే హెమటోక్రిట్ కూడా డాక్టర్‌కు చూపించండి. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. జ్వరం తగ్గే రోజుల్లోనే మరింత జాగ్రత్తగా ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా ఉండటం, ఇందులో ఏది కనిపించినా రాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.