టికెట్ కొనే ముందు ఆ కాగితం నాకు చూపించు

చిన్నోడా,

నీకు దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్ పని ఖాయమైందని వదిన ఫోన్‌లో చెప్పగానే మీ పిన్ని బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. ఆ వెంటనే "సోమవారం టికెట్ తీసేస్తాడట" అని వినేసరికి అది గొంతు దిగలేదురా.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో emigrate.gov.in లో చూసుకో. ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి రూపాయి ఇవ్వకు. విజిట్ వీసా మీద పనికి పంపిస్తానంటే అక్కడితో ఆపెయ్.

నా భయం జీతం గురించి. 2009లో మా ఏజెంటు "పదిహేను వందల దిర్హాములు, ఓటీ వేరే" అన్నాడు. ఆ ఒక్క మాట నమ్మి ఆటోనగర్‌లో షెడ్డు పని మానేశాను. పిన్ని గాజులు కుదువపెట్టి టికెట్ కొన్నాను. కాంట్రాక్టు మాత్రం శంషాబాద్ విమానాశ్రయంలో, లోపలికి వెళ్లే ముందు చేతిలో పెట్టాడు. బేసిక్ 800, తిండికి 300, ఇతర అలవెన్సులు 400. "కూడి చూడు, పదిహేను వందలే కదా" అన్నాడు. టికెట్ చేతిలో ఉంది, గాజులు షాపులో ఉన్నాయి. సంతకం పెట్టేశాను.

మోసం కూడికలో లేదురా, బేసిక్‌లో ఉంది. అక్కడ ఓటీ లెక్క బేసిక్ మీదే, దానికి పాతిక శాతం కలిపి. 800ని ముప్పై రోజులకు, ఎనిమిది గంటలకు పంచితే గంటకు మూడు దిర్హాముల చిల్లర; పాతిక శాతం కలిపితే 4.17. బేసిక్ 1500 అయితే 7.81 వచ్చేది. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు ఓటీ చేసి నేను తెచ్చుకున్నది 217. రావలసింది 406. చివర్లో ఇచ్చే గ్రాట్యుటీ కూడా అంతే: ఏడాదికి 21 రోజుల బేసిక్. నాకు ఏడాదికి 560 పడింది, 1050 పడాల్సింది. ఐదేళ్లు చేశాను, లెక్క నువ్వే వేసుకో. గాజులు విడిపించడానికి మూడేళ్లు పట్టింది. పిన్ని ఒక్కసారి కూడా అడగలేదు, అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

అందుకని మొద్దులా తల ఊపకుండా, ఏజెంటు నోటితో చెప్పిందంతా వాట్సాప్‌లో రాయించుకో. కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ పక్కన పెట్టి బేసిక్ ఎంత, హోదా ఏమిటి, పని గంటలు ఎన్ని, గది, తిండి ఎవరివి అని ఒక్కొక్కటే పోల్చు. ఎలక్ట్రీషియన్ బదులు 'హెల్పర్' అని ఉంటే ఊరుకోకు. అక్కడి కార్మిక శాఖలో నమోదయ్యే కాంట్రాక్టు ఆఫర్ లెటర్ కంటే నీకు నష్టంగా ఉండకూడదని వాళ్ల రూలే ఉంది, కాబట్టి తప్పు దిద్దించుకోవలసింది ఆ లెటర్‌లోనే. "అక్కడికెళ్లాక సర్దుతారు" అన్నాడా, వాడు సర్దడు. కొత్త కాగితం పంపమను, పంపేదాకా టికెట్ వద్దు.

ఆదివారం పొద్దున్నే గుంటూరులో బస్సెక్కు. పిన్ని గోంగూర పచ్చడి చేస్తానంది. తిన్నాక ఇద్దరం కూర్చుని ఆ కాగితం లైను లైనూ చదువుదాం.

బాబాయ్