లాగరిథమ్ రాబడులు కాలంతో ఎందుకు కూడుతాయి?

ప్రశ్న: రోజువారీ శాతాలను కూడితే మొత్తం రాబడి ఎందుకు రాదు? లాగరిథమ్ తీసుకుంటే ఎలా సరిపోతుంది?

చిత్తూరు మార్కెట్‌లో టన్ను తోతాపురి మామిడి ధర 10,000 రూపాయల నుంచి 15,000కు పెరిగి, మళ్లీ 10,000కు దిగిందనుకుందాం. మార్పులు +50%, −33.3%, కూడితే 16.7% వస్తుంది, కానీ ధర మొదటి చోటే ఉంది. రెండో శాతాన్ని 15,000 మీద లెక్కించడమే దీనికి కారణం. ధరల నిష్పత్తులు గుణించుకుంటాయి: 1.5 × 2/3 = 1. లాగరిథమ్ గుణకారాన్ని కూడికగా మారుస్తుంది కనుక, ln 1.5 = 0.405, ln(2/3) = −0.405, మొత్తం సున్న.

రోజువారీ లాగ్ రాబడులు, అంటే వరుస రోజుల ధరల నిష్పత్తుల లాగరిథమ్‌లు, పరస్పరం స్వతంత్రంగా, సగటు 0, ప్రామాణిక విచలనం 0.05 గల నార్మల్ విభజనలో ఉంటే, 16 రోజుల మొత్తం కూడా నార్మలే. విస్తృతులు (విచలనాల వర్గాలు) కూడుతాయి కాబట్టి దాని విచలనం 0.05 × √16 = 0.20 అవుతుంది. అప్పుడు 10,000తో మొదలైన ధర 16 రోజుల తర్వాత లాగ్‌నార్మల్, అంటే దాని లాగరిథమ్ నార్మల్: మధ్యగతం 10,000, సుమారు 68% సంభావ్యతతో 8,187, 12,214 మధ్య ఉంటుంది. పై వైపు దూరం ఎక్కువ కావడం గమనించండి. అందుకే సగటు ధర మధ్యగతాన్ని దాటుతుంది: విస్తృతి 0.20² = 0.04లో సగం 0.02 కనుక అది 10,000 × e^0.02, అంటే దాదాపు 10,202.

ఒక రోజు ధర మార్పు మరుసటి రోజు మార్పును తన వైపే లాగుతూ పోతే లాగ్ రాబడులు అప్పటికీ కూడుతాయి, √16 సూత్రం మాత్రం చెల్లదు. అలాగే ఒకే రోజున వేర్వేరు పెట్టుబడులను కలపాలంటే వాటాల ప్రకారం సాధారణ రాబడులనే కూడాలి.