అమ్మానాన్నలతో వీలునామా గురించి, చివరి రోజుల్లో ఎలాంటి వైద్యం కావాలన్న దాని గురించి ఎలా మాట్లాడాలి? బాధపడతారేమోనని భయంగా ఉంది.

బాధపడతారు, ఒక పూట. మా నాన్నతో మాట్లాడనందుకు మేం ముగ్గురం ఇప్పటికీ పడుతున్నాం.

నాన్న పద్ధతి గల మనిషి. వీలునామా ఎప్పుడో రాసి, సాక్షుల సంతకాలు చేయించి బీరువాలో పెట్టారు. ఇంక అంతా సర్దేసినట్టే అనుకున్నాం. న్యుమోనియాతో ఆయన వెంటిలేటర్ మీదకి వెళ్లాకగానీ తెలియలేదు, వీలునామా మనిషి పోయాకే పనికొస్తుందని. బతికుండీ మాట్లాడలేని మనిషి తరఫున ఎవరు నిర్ణయించాలో అందులో లేదు.

11వ రోజు డాక్టరు పిలిచి, నోట్లో గొట్టాన్ని ఇంకా ఎక్కువ రోజులు ఉంచడం మంచిది కాదు, మెడ దగ్గర రంధ్రం చేసి పెట్టాలి, సంతకం ఎవరిది అన్నారు. "నన్ను ఇబ్బంది పెట్టకండిరా" అని నాన్న ఎప్పుడూ అనేవారు. అన్నయ్య దృష్టిలో దానర్థం గొట్టాలు వద్దని. అక్క దృష్టిలో నొప్పి తెలియనివ్వొద్దని. కారిడార్‌లో అరగంట గొడవ. మధ్యలో ఫోన్లో చుట్టాల సలహాలు. ఆసుపత్రికి రానివాళ్లకే ఎక్కువ ధైర్యం ఉంటుంది. చివరికి పెట్టించాం. ఇంకో ఐదు వారాలు ఉన్నారు, ఒక్క మాట లేకుండా.

అమ్మని మాత్రం "నీ చివరి కోరికేంటి" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా "మీ ఇష్టం" అంటారు. బట్టలు మడతపెడుతుంటే, "నాన్నకి చేసినట్టే నీకూ చేయమంటావా?" అన్నాను. చేతిలో చీర అలాగే పట్టుకుని ఆలోచించింది. "పది రోజులు చూడండి. మిమ్మల్ని గుర్తుపట్టే ఆశ లేదంటే తీసేయండి" అంది. గుండె ఆగితే ఛాతీ నొక్కుతారని, ఆ వయసులో పక్కటెముకలు విరగడం మామూలేనని చెప్పాను. అది వద్దంది.

నిర్ణయించేది ఎవరంటే అన్నయ్య పేరు చెబుతుందనుకున్నా. అక్క పేరు చెప్పింది. "వాడు నన్ను వదల్లేడు. అది ఏడుస్తూనైనా నేను చెప్పింది చేస్తుంది." ఈ మాట నాకొక్కడికే చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి ముగ్గురం ఉన్నప్పుడు మళ్లీ చెప్పించాను. అన్నయ్య మూడు వారాలు ముభావంగా తిరిగాడు.

ఆ మాటలన్నీ లాయర్ చేత రాయించాం. ఏది చెల్లుతుందో ఒక్కో చోట ఒక్కో రకం, సొంతంగా రాసుకుంటే చిక్కే. అక్క దొరక్కపోతే నేను అని రెండో పేరూ ఉంది. మతిమరుపు మొదలయ్యాక పెట్టిన సంతకం మీద తగాదాలొస్తాయి, అందుకే ముందే పెట్టించాం. కాపీలు ముగ్గురి దగ్గరా, డాక్టరు ఫైల్లోనూ ఉన్నాయి. బీరువాలో దాచిన కాగితం అర్ధరాత్రి అంబులెన్స్ వెంట రాదు.

మొన్న అమ్మే ఆ కాగితం తెమ్మని, "పది రోజులు" కొట్టేసి "వారం" అని రాసింది. కొట్టివేతలుంటే గొడవలొస్తాయని అక్క మొత్తం మళ్లీ రాయిస్తోంది.