దిక్కు తెలియడం వేరు, చోటు తెలియడం వేరు

ప్రశ్న: సైబీరియా నుంచి మన చెరువులకి పక్షులు వస్తాయంటారు కదా, వేల కిలోమీటర్లు దారి తప్పకుండా ఎలా వస్తాయి? మొదటిసారి బయల్దేరిన పిల్లపక్షికి దారి ఎవరు చెబుతారు?

జవాబు:

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అలాంటి పిట్ట ఒకటి కొద్దిసేపు నా చేతిలో ఉంది.

మూడేళ్ల కిందట, అక్టోబరు. విశాఖలో రాత్రంతా ముసురు. తెల్లారాక మా అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో ఉండే పిన్నిగారు ఫోన్ చేశారు. "బాబూ, మా బాల్కనీలో ఏదో రంగుల కోడిపిల్ల పడి ఉంది, పిల్లి చూడకముందే రా" అని. వెళ్లి చూస్తే పొన్నంగి పిట్ట. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, తోక కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ. తోక ఉందా లేదా అన్నట్టుంటుంది కాబట్టి కోడిపిల్ల అనుకోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. ముందురోజు రాత్రి డాబా మీద ఎవరిదో ఫంక్షను, ఫ్లడ్‌లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. ఇది బాల్కనీ అద్దానికి గుద్దుకుని పడింది.

పొన్నంగి సైబీరియా నుంచి రాదు. హిమాలయాల దిగువ కొండల్లో, మధ్య భారతంలో పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకి దిగుతుంది. ప్రయాణం రాత్రిపూటే. (ఆ మాటకొస్తే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అందరూ సైబీరియా పక్షులని చూపించే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూడా సైబీరియావి కావు, ఈ ఉపఖండంలోనే తిరిగేవి. అక్కణ్నుంచి వచ్చేవి ఎక్కువగా బాతులు, ఉప్పుటేరుల దగ్గర బురదలో పొడుచుకు తినే చిన్న పిట్టలు.) నా చేతిలో ఉన్నది ఆ యేడు పుట్టిందే అయితే, శ్రీలంకని అది ఎన్నడూ చూడలేదు. మరి ఏ ధైర్యంతో బయల్దేరింది?

పొన్నంగి సంగతి తెలియాలంటే వేరే పక్షుల దగ్గరికి వెళ్లాలి. ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం గోరింకల మీద జరిగింది. మన గోరింక కాదు, దాని యూరప్ చుట్టం, స్టార్లింగ్. బాల్టిక్ సముద్రం చుట్టుపక్కల పుట్టిన స్టార్లింగులు శరదృతువులో నైరుతిగా ఎగిరి, నెదర్లాండ్స్ మీదుగా ఉత్తర ఫ్రాన్సుకి, దక్షిణ ఇంగ్లండుకి చేరతాయి. పెర్డెక్ అనే డచ్చి శాస్త్రవేత్త బృందం వాటిని నెదర్లాండ్స్‌లో, అంటే దారి మధ్యలో, వలేసి పట్టింది. కాళ్లకి ఉంగరాలు తొడిగి, విమానంలో స్విట్జర్లాండుకి తీసుకెళ్లి వదిలేసింది. దాదాపు పదేళ్లలో ఇలా వదిలినవి 11,000 పైమాటే. ఫలితాలు 1958లో అచ్చయ్యాయి.

ఉంగరాలున్న పక్షులు తర్వాత ఎక్కడెక్కడ దొరికాయో చూస్తే రెండు గుంపులు తేలాయి. అంతకుముందు ఒక్కసారైనా ఆ ప్రయాణం చేసిన పెద్దవి, తమని పక్కకి లాగేశారని గ్రహించినట్టు వాయవ్యానికి తిరిగి, మామూలుగా చలికాలం గడిపే చోటుకే వెళ్లాయి. ఆ యేడు పుట్టిన పిల్లలు మాత్రం ఎక్కడ వదిలారో పట్టించుకోలేదు. నెదర్లాండ్స్ నుంచి ఏ దిక్కుకి పోవాలో ఆ దిక్కుకే పోయాయి. పోయి దక్షిణ ఫ్రాన్సులో, స్పెయిన్‌లో తేలాయి. మరో విశేషం, వాటిలో కొన్ని తర్వాతి యేళ్లలోనూ చలికాలానికి ఆ స్పెయిన్‌కే వెళ్లాయి. మొదటిసారి పొరపాటున చేరిన చోటే వాటి చోటయిపోయింది.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. పిల్లపక్షికి దారి తెలియదు. దిక్కు తెలుసు, సుమారుగా ఎన్నాళ్లు ఎగరాలో తెలుసు. ఈ రెండూ పుట్టుకతో వస్తాయి. "నేనిప్పుడు ఎక్కడున్నాను" అన్న ప్రశ్నకి జవాబు ఒక ప్రయాణం చేశాకే దొరుకుతుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లు దీన్ని దిక్సూచికీ పటానికీ ఉన్న తేడాగా చెబుతారు. కొంగలు, బాతులు పెద్దవాటి వెంట గుంపుగా ఎగురుతాయి కాబట్టి వాటి పిల్లలకి దారి చూపేవాళ్లు ఉంటారు. చిన్న పిట్టల్లో చాలావాటికి ఆ వసతి లేదు.

ఇక ఆ దిక్కు ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడు స్కూల్లో అయస్కాంతపు సూదికి మధ్యలో దారం కట్టి వేలాడదీసి ఉంటారు. అది ఉత్తరాన్ని చూపించడమే కాదు, మన దగ్గర ఆ ఉత్తరపు కొన కాస్త కిందికి వంగుతుంది కూడా. ఉత్తరానికి పోయేకొద్దీ వంపు పెరుగుతూ ధ్రువం దగ్గర నిట్టనిలువవుతుంది. దక్షిణానికి దిగేకొద్దీ తగ్గుతూ కేరళ కొస దగ్గరికి వచ్చేసరికి సూది దాదాపు సమంగా నిలుస్తుంది. 1963లో మన దేశంలో మొదటి రాకెట్టుని తుంబా నుంచి ఎగరేసింది, ఆ ఊరు ఈ అయస్కాంత భూమధ్యరేఖ దగ్గరుందనే.

పక్షి చూసేది ఈ వంపునే. జర్మనీలో విల్చ్‌కో దంపతులు యూరప్ రాబిన్ అనే చిన్న పిట్టల్ని పంజరాల్లో పెట్టి, చుట్టూ తీగచుట్టల్లో కరెంటు పంపి, అయస్కాంత క్షేత్రాన్ని కావలసినట్టు తిప్పి చూశారు. ఉత్తరదక్షిణాల్నీ పైకిందుల్నీ కలిపి తారుమారు చేస్తే పిట్టలకి చీమ కుట్టినట్టయినా లేదు. పైకిందుల్ని మాత్రమే తలకిందులు చేస్తే, అంటే వంపుని తిరగేస్తే, సరిగ్గా వెనక్కి తిరిగాయి. 1972 నాటి మాట ఇది. అంటే రాబిన్‌కి ఉత్తరం, దక్షిణం అన్న లెక్క లేదు. "ధ్రువం వైపు", "భూమధ్యరేఖ వైపు" అన్నదే లెక్క. వంపు లేనిచోట ఈ దిక్సూచి రెండు వైపుల్నీ ఒకేలా చూపిస్తుంది. మన పొన్నంగి శ్రీలంకకి దిగితే సరిగ్గా అలాంటి చోటునే దాటాలి. ఒక్క ఆధారాన్నే నమ్ముకుంటే వలసపక్షికి ఎందుకు కుదరదో నాకు ఇక్కడే అర్థమైంది.

ఈ గ్రహింపు కంటితో ముడిపడి ఉంది. నీలం, ఆకుపచ్చ వెలుగులో రాబిన్లు దిక్కు పట్టుకుంటాయి, ఎర్ర వెలుగులో తడబడతాయి. కంటి రెటీనాలో ఉండే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ మీద అందరి అనుమానం. రాబిన్ క్రిప్టోక్రోమ్ అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని 2021లో ప్రయోగశాలలో చూపించారు. బతికున్న పక్షి కంట్లోనూ ఇదే జరుగుతోందని రుజువు చేయడం మిగిలి ఉంది.

సెల్ టవర్ల వల్ల పిట్టలు దారి తప్పుతున్నాయని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, దాని గురించి ఒక మాట. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆవరణలో రాబిన్లు ఏళ్ల తరబడి దిక్కు పట్టలేక తికమకపడ్డాయి. వాటిని ఉంచిన గుడిసెలకి అల్యూమినియం రేకులు కొట్టి ఎర్తింగు ఇస్తే సర్దుకున్నాయి, ఎర్తింగు తీసేస్తే మళ్లీ అదే తికమక. కారణం విద్యుత్ పరికరాలూ ఏఎం రేడియో వెదజల్లే 5 మెగాహెర్ట్జ్ లోపు తరంగాలు. ఇది 2014లో బయటపెట్టారు. సెల్‌ఫోన్ తరంగాలు అంతకు వందల రెట్లు పైన ఉంటాయి. ఆ ప్రయోగాన్ని టవర్లకి అంటగట్టడం కుదరదు.

నక్షత్రాల కథ ఇంకా బాగుంటుంది. అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ ఇండిగో బంటింగ్ అనే నీలి పిట్టల్ని గరాటు లాంటి పంజరంలో పెట్టాడు. అడుగున సిరా ప్యాడు, చుట్టూ ఏటవాలుగా అద్దుడు కాగితం. వలస కాలంలో రాత్రి కాగానే పిట్ట నిలవలేక ఎగిరి ఎగిరి పడుతుంది. ఎటు పోవాలనుకుంటుందో అటువైపు కాగితం మీద సిరా అడుగులు పడతాయి. ఆ పంజరాల్ని ప్లానెటేరియంలో పెట్టి, ఆకాశాన్ని తనకి కావలసినట్టు తిప్పాడు. పుట్టినప్పటి నుంచి ఆకాశం చూడని పిల్లలకి, ఆర్ద్రా నక్షత్రం చుట్టూ తిరిగే అబద్ధపు ఆకాశాన్ని చూపిస్తూ పెంచాడు. వలస వేళకి అవి ఆర్ద్రనే ఉత్తరమనుకుని, దానికి వెన్ను చూపి బయల్దేరబోయాయి. అంటే ధ్రువ నక్షత్రం ఏదో పక్షికి పుట్టుకతో తెలియదు. "ఆకాశం దేని చుట్టూ తిరుగుతోందో అది ఉత్తరం" అన్న సూత్రం ఒక్కటే వెంట వస్తుంది. మిగతాది గూడు వదిలాక మొదటి వేసవి రాత్రుల్లో ఆకాశం చూస్తూ నేర్చుకుంటుంది.

అయస్కాంతం ఒకటి చెప్పి, ఆకాశం ఇంకొకటి చెబితే? అమెరికాలో దీన్ని పరీక్షించారు, ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. వసంతంలో ఉత్తరానికి పోయే థ్రష్ పిట్టలకి రేడియో పరికరాలు తగిలించి, సూర్యాస్తమయం వేళ అయస్కాంత ఉత్తరాన్ని తూర్పుకి తిప్పిన చోట ఉంచారు. చీకటిపడ్డాక వదిలి, కారు మీద యాంటెనా పెట్టుకుని రాత్రంతా వెంటపడ్డారు. ఆ రాత్రి అవి పడమటికి పోయాయి. వదిలాక మామూలు అయస్కాంత క్షేత్రమే ఉంది, నెత్తిన నక్షత్రాలూ ఉన్నాయి, అయినా మనసు మార్చుకోలేదు. మర్నాడు అసలైన సూర్యాస్తమయం చూశాక మళ్లీ ఉత్తరానికి తిరిగాయి. అవి రోజూ సాయంత్రం సూర్యుడు దిగిన వైపు చూసి తమ అయస్కాంత దిక్సూచిని సరిచేసుకుంటున్నాయన్నమాట. గడియారానికి కీ ఇచ్చుకున్నట్టు.

కొండగుర్తుల గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే వాటి పని ఎక్కువగా తెలిసిన చోటే. తీరాలు, నదులు, కొండల వరసలు పక్షులు వాడుకుంటాయి. దీనికి గట్టి సాక్ష్యం మాత్రం పెంపుడు పావురాలది. రోమ్ దగ్గర పావురాలకి జీపీఎస్ కట్టి వదిలితే, ఇంటికి సూటిదారి వదిలేసి హైవే పట్టుకుని ఎగిరి, మలుపు దగ్గర పక్కకి తిరిగినవి కనిపించాయి.

మా పొన్నంగి సంగతికొస్తాను. మబ్బు కమ్మిన రాత్రి నక్షత్రాలు లేవు, ఎదురుగా ఫ్లడ్‌లైటు. రాత్రి ఎగిరే పిట్టలు అలాంటి వెలుగు చుట్టూ తిరిగి తిరిగి అలసి, అద్దాలకి గుద్దుకుంటాయి. దాన్ని బూట్ల అట్టపెట్టెలో పాతబట్ట పరిచి, పైన చిల్లులు పొడిచి, చీకటి గదిలో ఉంచాను. నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిల్లలు ఎంత అడిగినా మూత తీయనివ్వలేదు. మధ్యాహ్నానికి లోపల గెంతుతున్న చప్పుడు వినిపించింది. రెక్కలు రెండూ సమంగా ముడిచింది, తల ఒకవైపు వాలలేదు. అలా వాలితే మాత్రం పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

చీకటి పడ్డాక వదులుదామన్నారు పిన్నిగారు, కాకులు తరుముతాయని. నేను ఐదింటికే కొండవాలులో జీడిచెట్ల కిందికి తీసుకెళ్లాను. ఆ పొద వరకు కాకులు రావు, పైగా అది ఆ రోజు సూర్యాస్తమయం చూడాలి. పెట్టె పక్కకి వంచితే రెండు గెంతులు గెంతి, ఎండుటాకులు ముక్కుతో తిరగేసి, ఏదో పురుగుని మింగింది. ముసురు విడిచింది. పడమటి కొండల మీద ఎర్రగా ఉంది. మేము కిందికి దిగేటప్పటికి అది ఇంకా ఆకుల్లోనే వెతుక్కుంటోంది.