అమ్మ సంతకం ఉన్నా ఆ ఆపరేషన్ ఎందుకు చెల్లలేదు?

ప్రశ్న: సార్, నేను ఎంబీబీఎస్ చదువుతున్నాను. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో కన్సెంట్, కాన్ఫిడెన్షియాలిటీ చాప్టర్ మొత్తం బట్టీ పట్టాను. అయినా పరీక్షలో ఒక కేసు ఇచ్చి, డాక్టరు చేసింది సరైనదేనా అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ వస్తోంది. సూత్రాలు, ముఖ్యమైన తీర్పులు, ఆలోచించే పద్ధతి కుదించి చెప్పగలరా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: సమ్మతి రకాల జాబితాను కాసేపు పక్కన పెట్టండి. ఏ కేసు ఇచ్చినా ముందు అడగాల్సింది ఒకటే: ఈ నిర్ణయం ఎవరిది? 18 నిండి, చెప్పింది అర్థం చేసుకోగల మనిషైతే నిర్ణయం ఆ పేషెంటుదే. తర్వాత వరుసగా అడగండి. ఏం చెప్పాక ఒప్పుకున్నారు? సరిగ్గా ఏ పనికి ఒప్పుకున్నారు? డాక్టరు అంతకు మించి చేస్తే, పేషెంటుకు తెలివి వచ్చేదాకా ఆగే వీలుందా? ఈ వరుస మార్చకండి. చాలామంది నేరుగా ‘ఎమర్జెన్సీ’ దగ్గరికో, ఫారం మీది సంతకం దగ్గరికో వెళ్లిపోతారు. జవాబు తప్పేది అక్కడే.

సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన సమీరా కోహ్లి తీర్పును ఈ ప్రశ్నలతో చదవండి. పెళ్లి కాని 44 ఏళ్ల మహిళ, నెలసరి రక్తస్రావం ఆగడం లేదని 1995లో ఢిల్లీలోని ఒక క్లినిక్‌కి వెళ్లారు. లోపల సమస్య ఏమిటో చూసి, అవసరమైతే చికిత్స కూడా చేసే ల్యాపరోస్కోపీకి సంతకం చేశారు. పొట్ట కోయాల్సి రావచ్చని కూడా ఫారంలో ఉంది. మత్తులో ఉండగా సహాయ డాక్టరు బయటికొచ్చి, ఆమె తల్లి చేత గర్భసంచి తీయడానికి సంతకం పెట్టించారు. లోపల గర్భసంచితో పాటు రెండు అండాశయాలు, ట్యూబులు తీసేశారు.

నిర్ణయం ఎవరిది? ఆమెదే. మత్తు దిగితే ఆమే చెప్పగలరు కాబట్టి తల్లి సంతకానికి విలువ లేదు. దేనికి ఒప్పుకున్నారు? పరీక్షకు, దానితో పాటు ఫారంలో రాసిన చికిత్సకు. పొట్ట కోయడానికి ఒప్పుకుంటే అవయవాలు తీయడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఆగవచ్చా? ఆగవచ్చు, అప్పటికప్పుడు ప్రాణాపాయం లేదు. డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేశారని కోర్టు నమ్మింది, అందుకే పరిహారం రూ.25,000 దగ్గర ఆగింది, డాక్టరుకు ఫీజు మాత్రం దక్కలేదు. ఉద్దేశం మంచిదే కావచ్చు, అది సమ్మతి లేని లోటును పూడ్చదు. నా దృష్టిలో చాప్టర్ మొత్తంలో గుర్తుంచుకోవాల్సిన మాట ఇదే.

‘ఏం చెప్పాలి’ అన్నదానికీ ఇదే తీర్పులో కొలత ఉంది: చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలున్నాయా, పెద్ద రిస్కులేమిటి, వద్దంటే ఏమవుతుంది. అరుదుగా వచ్చే ప్రతి ప్రమాదాన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు.

ఇక గోప్యత. ఇక్కడ కూడా మొదటి ప్రశ్న అదే, నిర్ణయానికి బదులు సమాచారం అని పెట్టుకోండి: ఇది ఎవరి సమాచారం? పేషెంటుది. తను బయటపెట్టమన్నారా? లేకపోతే చట్టం చెప్పమంటోందా? లేదా ఫలానా మనిషికి నిజంగా ప్రమాదం ఉందా? ఉన్నా, ఎంతవరకు, ఎవరికి చెప్తే సరిపోతుంది?

అందరూ రాసే తీర్పు 1998 నాటి మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్. రక్తం ఇచ్చినప్పుడు ఒకరికి హెచ్‌ఐవీ ఉందని తేలింది, ఆ సంగతి బయటపడి పెళ్లి ఆగిపోయింది. పెళ్లికూతురి ప్రాణం ముఖ్యమని, ఆసుపత్రిది తప్పు కాదని కోర్టు అంది. ఇంతటితో ఆపకండి. 2017 హెచ్‌ఐవీ చట్టం మెట్లు పెట్టింది. భాగస్వామికి ప్రమాదం ఉందని డాక్టరు నమ్మాలి. స్వయంగా చెప్పమని పేషెంటుకు ముందు కౌన్సెలింగ్ ఇవ్వాలి. అయినా చెప్పరని తేలితే, తానే చెప్పబోతున్నట్టు పేషెంటుకు తెలియజేసి, ఆ తర్వాతే చెప్పాలి. చెప్తే పేషెంటును, ముఖ్యంగా మహిళను, కొడతారనో వదిలేస్తారనో సహేతుకమైన భయం ఉంటే, చెప్పకూడదు.

మీరే చేసి చూడడానికి ఒక కేసు. 26 ఏళ్ల వివాహిత చట్టప్రకారం గర్భస్రావం చేయించుకుంది. మర్నాడు భర్త కౌంటర్ దగ్గరికి వచ్చి, ‘నా సంతకం లేకుండా ఎలా చేశారు? కాగితాలు చూపించండి’ అంటాడు. నిర్ణయం ఆమెది. గర్భస్రావ చట్టం 18 నిండిన స్త్రీ సమ్మతి మాత్రమే అడుగుతుంది, భర్తది కాదు. సమాచారమూ ఆమెదే. అదే చట్టంలో 2021లో చేర్చిన 5ఎ సెక్షన్ ప్రకారం, చట్టం అధికారమిచ్చిన వారికి తప్ప ఆమె పేరు, వివరాలు డాక్టరు ఎవరికీ చెప్పకూడదు. చెప్తే ఏడాది వరకు జైలు పడవచ్చు. ఆ గోప్యత నిలవాలంటే కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి ‘అవును, చేశాం’ అని కూడా అనకూడదు. ఆ పేరుతో పేషెంటు వచ్చారో లేదో కూడా చెప్పలేమని అనాలి.