టెక్ సందేహాలు: రాయల్టీ షీట్‌లో ఆ 40,000 తేడా ఎక్కడిది?

ప్రశ్న: గని రాయల్టీ లెక్కను ఎక్సెల్‌లో చేశాను. టన్నుకు 20 రాయల్టీ, కనీస అద్దె ఏడాదికి 1,00,000. రాయల్టీ కనీస అద్దె కంటే తక్కువైతే ఆ తేడాను, అంటే షార్ట్ వర్కింగ్స్‌ను, తర్వాతి రెండేళ్లలో రాబట్టుకోవచ్చని ఒప్పందం. నాలుగేళ్ల ఉత్పత్తి వరుసగా 2,000, 4,000, 6,000, 8,000 టన్నులు. నాలుగో ఏడాదికి నా షీట్ 1,00,000 కట్టాలంటోంది, గని యజమాని మాత్రం 1,40,000 అంటున్నారు. తప్పెక్కడ ఉంది?

జవాబు: యజమాని చెప్పిందే సరైనది. మీ షీట్ షార్ట్ వర్కింగ్స్ మొత్తాన్ని ఒకే కుప్పగా పోసి, రాయల్టీ కనీస అద్దెను దాటి మిగులు వచ్చినప్పుడల్లా అందులోంచి తీసుకుంటోంది. కానీ మీ ఒప్పందం ప్రకారం ఒక్కో ఏడాది షార్ట్ వర్కింగ్స్‌కు గడువు విడిగా ఉంటుంది.

మొదటి ఏడాది రాయల్టీ 40,000 మాత్రమే. అయినా కనీస అద్దె కట్టారు కాబట్టి 60,000 షార్ట్ వర్కింగ్స్. రెండో ఏడాది రాయల్టీ 80,000, షార్ట్ వర్కింగ్స్ ఇంకో 20,000. మూడో ఏడాది రాయల్టీ 1,20,000కు చేరింది, అంటే కనీస అద్దె కంటే 20,000 ఎక్కువ. ఆ 20,000ను ముందుగా పాత బాకీలోంచి, అంటే మొదటి ఏడాది 60,000లోంచి రాబట్టుకుంటాం. మిగతా 40,000కు మూడో ఏడాదితోనే గడువు అయిపోయింది, ఇక అది రాదు. నాలుగో ఏడాది 60,000 మిగులు ఉన్నా, చేతిలో మిగిలింది రెండో ఏడాది 20,000 ఒక్కటే. 1,60,000లోంచి అది తీసేస్తే 1,40,000.

దీనికి ఏడాదికో కాలమ్ పెట్టి పెద్ద పట్టిక గీయనక్కర్లేదు. B1లో కనీస అద్దె, B2లో గడువు (2), B3లో రేటు పెట్టండి. నాలుగో వరుసలో హెడ్డింగులు ఉంచి, A5 నుంచి ఏడాది సంఖ్య, B5 నుంచి టన్నులు ఇవ్వండి. మిగతా కాలమ్‌లలో ఐదో వరుసలో ఈ ఫార్ములాలు రాసి కిందికి లాగండి:

```
C5: =B5*$B$3
D5: =MAX(0,$B$1-C5)
E5: =MAX(0,C5-$B$1)
F5: =MIN(E5,N(H4))
G5: =MAX(0,SUMIF(A$5:A5,"<="&(A5-$B$2),D$5:D5)-SUM(F$5:F5)-SUM(G$4:G4))
H5: =N(H4)+D5-F5-G5
I5: =C5+D5-F5
```

C రాయల్టీ, D షార్ట్ వర్కింగ్స్, E మిగులు, F రాబట్టుకున్నది, G గడువు దాటి పోయింది, H చేతిలో ఉన్న నిల్వ, I యజమానికి కట్టాల్సింది. అసలు పని G చేస్తుంది. గడువు దాటిన ఏళ్ల షార్ట్ వర్కింగ్స్ మొత్తం ఎంతో కూడి, అందులోంచి ఇప్పటిదాకా రాబట్టుకున్నదీ, ఇదివరకే పోయిందీ తీసేస్తుంది. పాతదాన్నే ముందు రాబట్టుకుంటాం కాబట్టి ఈ తీసివేత ఎప్పుడూ సరిపోతుంది. H4లో హెడ్డింగ్ ఉంటుంది కదా, N దాన్ని సున్నాగా చదువుతుంది. అది లేకపోతే MIN హెడ్డింగ్‌ను పట్టించుకోదు, మొదటి ఏడాదే మిగులు వస్తే లేని డబ్బును రాబట్టుకున్నట్టు చూపిస్తుంది.

A కాలమ్‌లో 1, 2, 3 అనే అంకెలే ఉండాలి. "2021-22" అని టైప్ చేస్తే అది టెక్స్ట్ అయిపోతుంది, A5-$B$2 అనే తీసివేత #VALUE! ఇస్తుంది, G మొత్తం పాడవుతుంది. నాకు ఒకసారి పంపిన షీట్‌లో సరిగ్గా ఇదే తప్పు పట్టుకోవడానికి సాయంత్రం అంతా పట్టింది.

ఫార్ములా రాసేముందు ఒప్పందంలోని వాక్యాన్ని మాత్రం రెండుసార్లు చదవండి. "తర్వాతి రెండేళ్లలో" అంటే పైన చెప్పిన పద్ధతి. "లీజు మొదటి మూడేళ్లలోనే" అని ఉంటే కథ వేరు: మూడో ఏడాది చివర ఉన్న నిల్వంతా పోతుంది, ఆ తర్వాత ఏర్పడే షార్ట్ వర్కింగ్స్ ఆ ఏడాదే పోతాయి. అప్పుడు B2లో 3 పెట్టి G ఒక్కటి మార్చితే చాలు:

```
G5: =IF(A5>=$B$2,N(H4)+D5-F5,0)
```

పుస్తకాల్లో షార్ట్ వర్కింగ్స్ ఖాతా ఆస్తి, G కాలమ్‌లో పడిన మొత్తాన్ని మాత్రం ఆ ఏడాది లాభనష్టాల ఖాతాకు మళ్లించాలి. మీ పాత షీట్‌లో ఈ ఎంట్రీనే లేదు, అందుకే 40,000 ఇంకా ఆస్తిలా మిగిలిపోయి నాలుగో ఏడాది రాబట్టుకోవడానికి దొరికింది.

షీట్ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే I కాలమ్ మొత్తం కూడండి: 4,40,000 రావాలి. నాలుగేళ్ల రాయల్టీ 4,00,000, గడువు దాటి పోయింది 40,000, నిల్వ సున్నా. మీ పాత షీట్‌లో కట్టిన మొత్తం సరిగ్గా 4,00,000 వచ్చి ఉంటుంది, అంటే కనీస అద్దె వల్ల మీకు ఒక్క పైసా కూడా నష్టం రానట్టు.